0.73 దాటినా రాక్ సాల్టే: వ్యాసార్థాల నిష్పత్తి ఎందాకా పనికొస్తుంది?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థినిని. పౌలింగ్ వ్యాసార్థాలతో నిష్పత్తులు కట్టి చూస్తే పొటాషియం క్లోరైడుకు 0.73 దాటుతోంది, పొటాషియం ఫ్లోరైడుకు ఏకంగా 0.98 వస్తోంది. కానీ రెండూ రాక్ సాల్ట్ నిర్మాణాలేనని పుస్తకంలో ఉంది. లిథియం అయొడైడుకు 0.28 వస్తే అదీ రాక్ సాల్టేనట. స్ట్రాన్షియం క్లోరైడుకు 0.62 వస్తే అది మాత్రం ఫ్లోరైటట. లెక్క నాది తప్పా, నియమం తప్పా? పరీక్షలో ఏం రాయమంటారు?

సమాధానం: మీ లెక్కలు నాలుగూ సరైనవే. తప్పిందల్లా నియమమే. అయితే అది ఎక్కడ, ఎందుకు తప్పుతుందో తెలిస్తే రాక్ సాల్ట్ విషయంలో దాన్ని ఎంత తక్కువ నమ్మాలో, ఫ్లోరైట్ విషయంలో కాస్త ఎక్కువ ఎందుకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది. పుస్తకాలు సాధారణంగా ఈ రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి ఊరుకుంటాయి కనుక ఆ తేడా విద్యార్థుల కంట పడదు.

కాటయాన్, ఆనయాన్ వ్యాసార్థాల నిష్పత్తి 0.414 కన్నా తక్కువైతే కాటయాన్ చుట్టూ జింక్ బ్లెండ్‌లోలా నాలుగు పొరుగులు, 0.414 నుంచి 0.732 వరకు రాక్ సాల్ట్, రూటైల్‌లలోలా ఆరు, అది దాటితే సీసియం క్లోరైడు, ఫ్లోరైట్‌లలోలా ఎనిమిది ఉంటాయన్నది ఆ నియమం. మొదట ఈ 0.414, 0.732 అనే అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి గీసి చూద్దాం. రాక్ సాల్ట్ యూనిట్ సెల్‌లో ఒక ముఖాన్ని తీసుకోండి. అంచు పొడవు a అయితే, ఆ అంచు వెంట ఆనయాన్, కాటయాన్, మళ్ళీ ఆనయాన్ వరుసగా ఉంటాయి కాబట్టి a విలువ రెండు వ్యాసార్థాల మొత్తానికి రెట్టింపు. ముఖం కర్ణం వెంట ఆనయాన్లు మాత్రమే ఉంటాయి. కాటయాన్ చిన్నదవుతున్న కొద్దీ ఆనయాన్లు దగ్గరికి జరిగి, ఒక దశలో కర్ణం వెంట ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు కర్ణం పొడవు నాలుగు ఆనయాన్ వ్యాసార్థాలు. పైథాగరస్ సూత్రం వాడితే కాటయాన్, ఆనయాన్ వ్యాసార్థాల నిష్పత్తి √2 − 1, అంటే 0.414 వస్తుంది. ఎనిమిది ఆనయాన్లు ఘనం మూలల్లో, కాటయాన్ మధ్యలో ఉన్నప్పుడు ఇదే పని ఘనం లోపలి కర్ణం మీద చేస్తే √3 − 1, అంటే 0.732 వస్తుంది. ఫ్లోరైట్‌లో కాల్షియం చుట్టూ ఉన్నది కూడా ఎనిమిది ఫ్లోరైడుల ఘనమే కాబట్టి దానికీ అదే హద్దు.

ఈ రేఖాగణితంలో ఎక్కడా లోపం లేదు. కాకపోతే అది చెప్పేది ఒక్క సంగతే: అయాన్లు గట్టి గోళీల వంటివైతే, 0.732 కన్నా తక్కువ నిష్పత్తి ఉన్న కాటయాన్ ఘనాకారపు రంధ్రంలో అన్ని వైపులా తగలకుండా వదులుగా ఉంటుంది. ఇది ఒక కింది హద్దు మాత్రమే. "హద్దు దాటగానే కాటయాన్ ఎనిమిది పొరుగులను తెచ్చుకుంటుంది" అనే మాట రేఖాగణితంలో లేదు. ఎంత ఎక్కువ మంది పొరుగులుంటే స్ఫటికానికి అంత లాభమన్న ఊహ నుంచి ఆ మాట వచ్చింది. హ్యూటిగ్ 1920లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చినప్పుడూ, గోల్డ్‌ష్మిట్ 1926లో దాన్ని విస్తరించినప్పుడూ, పౌలింగ్ 1929లో తన నియమాలలో మొదటిదానిగా పెట్టినప్పుడూ ఈ శక్తి లెక్క వెనుకనే ఉండిపోయింది. మీ పొటాషియం క్లోరైడు తప్పింది సరిగ్గా అక్కడే.

ఆ శక్తి లెక్కను ఇప్పుడు వేద్దాం. అయానిక స్ఫటికంలో స్థిరవిద్యుత్ ఆకర్షణ మాడెలుంగ్ స్థిరాంకానికి అనులోమంగా, దగ్గరి అయాన్ల మధ్య దూరానికి విలోమంగా ఉంటుంది. రాక్ సాల్ట్‌కు ఈ స్థిరాంకం 1.7476, సీసియం క్లోరైడు నిర్మాణానికి 1.7627. పొరుగుల సంఖ్య ఆరు నుంచి ఎనిమిదికి, అంటే మూడింట ఒక వంతు పెరిగినా స్థిరాంకం ఒక శాతం కూడా పెరగలేదు. పొరుగున ఎదురు ఆవేశాలు పెరిగినట్టే, కాస్త అవతల ఒకే ఆవేశం గల అయాన్లు కూడా దగ్గరికి వచ్చి కూర్చోవడమే ఇందుకు కారణం. సీసియం క్లోరైడు నిర్మాణంలో ఒకే రకం అయాన్ల మధ్య దూరం దగ్గరి దూరానికి 1.155 రెట్లే. రాక్ సాల్ట్‌లో అది 1.414 రెట్లు.

మరి దూరం సంగతి? కాటయాన్‌ను ఆరుగురికి బదులు ఎనిమిది మంది నెడుతుంటే దూరం పెరగకుండా ఉండదు. ఆరు నుంచి ఎనిమిదికి వెళ్తే దూరం సుమారు మూడు శాతం పెరుగుతుందని గోల్డ్‌ష్మిట్ కాలంలోనే గమనించారు. బోర్న్ వికర్షణ సూత్రంలో ఘాతాంకాన్ని 9గా తీసుకుని మీరే లెక్కిస్తే 3.5 శాతం వస్తుంది. అంటే స్థిరాంకంలో వచ్చిన లాభం 0.9 శాతం, దూరంలో వచ్చిన నష్టం మూడు శాతానికి పైగా. గోళీలకు దూరం పెరగదు కాబట్టి నియమానికి ఈ నష్టం కనబడదు. అయాన్లు గోళీలు కావు.

పొటాషియం క్లోరైడుకే అంకెలు వేసి చూపిస్తాను. దాని యూనిట్ సెల్ అంచు 629.3 పికోమీటర్లు కాబట్టి పొటాషియం, క్లోరైడు మధ్య దూరం 314.6. ఈ దూరం దగ్గర రాక్ సాల్ట్ స్థిరాంకంతో స్థిరవిద్యుత్ శక్తి మోల్‌కు సుమారు 772 కిలోజౌళ్లు. అదే పదార్థం సీసియం క్లోరైడు నిర్మాణంలోకి మారి దూరం మూడు శాతం పెరిగి 324 అయిందనుకోండి. పెద్ద స్థిరాంకం వేసినా శక్తి సుమారు 756కి దిగుతుంది. దాదాపు 16 కిలోజౌళ్ల నష్టం. వికర్షణను కూడా కలిపితే అంకెలు కొంచెం మారతాయి గానీ గెలుపు రాక్ సాల్ట్‌దే. నిష్పత్తి 0.735 ఉందా 0.95 ఉందా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాలేదని మీరు గమనించే ఉంటారు. అందుకే పొటాషియం ఫ్లోరైడు 0.98తో కూడా రాక్ సాల్ట్‌గానే నిలిచింది.

ఇక్కడ ఆలోచించే విద్యార్థి ఒక ఎదురు ప్రశ్న వేయాలి. ఈ లెక్క ప్రకారం సీసియం క్లోరైడు నిర్మాణం ఎప్పటికీ గెలవకూడదు కదా, మరి సీసియం క్లోరైడు, బ్రోమైడు, అయొడైడు ఆ నిర్మాణంలో ఎందుకున్నాయి? నిజమే, పొరుగు అయాన్ల వికర్షణను మాత్రమే లెక్కలోకి తీసుకునే బోర్న్ నమూనాలో ఘాతాంకం 33 దాటితే తప్ప ఆ నిర్మాణానికి గెలుపు లేదు. నిజమైన అయాన్లకు ఆ విలువ 5 నుంచి 12 మధ్య ఉంటుంది. ఆ మూడు లవణాలను నిలబెట్టింది ప్రధానంగా లండన్ ఆకర్షణ. సీసియం, క్లోరైడు, బ్రోమైడు, అయొడైడు నాలుగూ ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉండి సులువుగా ధ్రువణం చెందే పెద్ద అయాన్లు. ఈ ఆకర్షణ దూరం ఆరో ఘాతానికి విలోమం కాబట్టి, దగ్గరి పొరుగులు ఎక్కువగా ఉండి, ఒకే రకం అయాన్లు కూడా దగ్గరగా ఉన్న నిర్మాణానికి లాభం ఎక్కువ. సీసియం ఫ్లోరైడును చూడండి. అక్కడ కాటయానే పెద్దది కాబట్టి నిష్పత్తిని తిరగేస్తే 0.80 వస్తుంది, నియమం ప్రకారం అది కూడా ఎనిమిది పొరుగులదే కావాలి. కానీ ఫ్లోరైడు ధ్రువణానికి లొంగని అయాన్. అది రాక్ సాల్ట్‌గానే ఉండిపోయింది.

రెండు నిర్మాణాల శక్తులు ఎంత పక్కపక్కన ఉన్నాయో చెప్పడానికి ప్రయోగాలు కూడా ఉన్నాయి. పొటాషియం క్లోరైడును సుమారు 2 గిగాపాస్కళ్ల పీడనంలో నొక్కితే సీసియం క్లోరైడు నిర్మాణంలోకి మారుతుంది. రుబీడియం క్లోరైడుకు సుమారు 0.5 గిగాపాస్కళ్లు చాలు. సీసియం క్లోరైడునేమో దాదాపు 470 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే రాక్ సాల్ట్‌గా మారుతుంది. పీడనం మార్చినా వేడి మార్చినా పౌలింగ్ పట్టికలోని నిష్పత్తి మారదు, నిర్మాణం మాత్రం మారుతోంది. ఈ ఒక్క సంగతి చాలు, రాక్ సాల్టా సీసియం క్లోరైడా అని తేల్చే అధికారం నిష్పత్తికి లేదనడానికి.

ఇక లిథియం అయొడైడు. ఇది పట్టికకు రెండో చివర. దీన్ని నేను తరగతిలో ఎప్పుడూ కొలతలతోనే మొదలుపెడతాను. యూనిట్ సెల్ అంచు సుమారు 600 పికోమీటర్లు. అంటే లిథియం, అయొడైడు మధ్య దూరం 300. పౌలింగ్ వ్యాసార్థాలు 60, 216 కూడితే 276 రావాలి. ఇరవై నాలుగు పికోమీటర్ల ఖాళీ మిగిలింది. ఇప్పుడు ముఖం కర్ణం మీద చూడండి: అయొడైడు నుంచి అయొడైడుకు దూరం 600ను √2తో భాగిస్తే 424. రెండు అయొడైడు వ్యాసార్థాలు కలిపితే 432. అంటే అయొడైడులు ఒకదానికొకటి తగలడమే కాదు, కాస్త ఒత్తుకుని కూడా ఉన్నాయి. ఆ పెద్ద గోళాల మధ్య రంధ్రంలో లిథియం అటూ ఇటూ తగలకుండా ఉంది. నియమం వద్దన్న స్థితి ఇదే. స్ఫటికం మాత్రం హాయిగా అందులోనే ఉంది.

దీనికి ఒక కారణం గోళీల లెక్కలోనే దొరుకుతుంది. ఆనయాన్లు తగులుకున్నాక కాటయాన్ ఇంకా చిన్నదైతే రాక్ సాల్ట్ దూరం తగ్గడం ఆగిపోతుంది, నిజమే. కానీ ఆ క్షణంలోనే జింక్ బ్లెండ్ నిర్మాణం గెలిచినట్టు కాదు. దాని మాడెలుంగ్ స్థిరాంకం 1.638, రాక్ సాల్ట్ కన్నా ఆరు శాతానికి పైగా తక్కువ. ఆ లోటును దూరం తగ్గుదల పూడ్చేంతగా కాటయాన్ చిన్నది కావాలి. రెండు శక్తులను సమానం చేసి చూస్తే గీత 0.414 దగ్గర కాక 0.326 దగ్గర పడుతుంది. ఇలా లెక్కిస్తే లిథియం క్లోరైడు (0.33) గట్టెక్కుతుంది. బ్రోమైడు (0.31), అయొడైడు (0.28) ఇంకా బయటే ఉంటాయి. వాటిని కూడా లోపలికి లాగేది మళ్ళీ లండన్ ఆకర్షణే అని నా అభిప్రాయం. జింక్ బ్లెండ్‌లోకి వెళ్తే అయొడైడులు 424 నుంచి సుమారు 465 పికోమీటర్లకు విడిపోవలసి వస్తుంది. అంత ధ్రువణశీలత ఉన్న అయాన్లకు అది చిన్న నష్టం కాదు.

"వ్యాసార్థాలే తప్పేమో, మంచి పట్టిక వాడితే సరిపోతుందేమో" అని మీకు అనిపించవచ్చు. నాకూ విద్యార్థి దశలో అనిపించి, ఒక సెలవంతా దాని మీదే పెట్టాను. షానన్ 1976లో ఇచ్చిన స్ఫటిక వ్యాసార్థాలు పౌలింగ్ వాటికన్నా కాటయాన్లను పెద్దవిగా, ఆనయాన్లను చిన్నవిగా చూపిస్తాయి. సోడియం క్లోరైడులో ఎక్స్-రేలతో కొలిచిన ఎలక్ట్రాన్ సాంద్రత కనిష్ఠంగా ఉన్న చోటుకు ఇవే దగ్గరగా ఉంటాయి. ఆ పట్టిక ప్రకారం లిథియం 90, అయొడైడు 206. నిష్పత్తి 0.44. లిథియం అయొడైడు చక్కగా రాక్ సాల్ట్ హద్దులోకి వచ్చేసింది. అదే పట్టికతో పొటాషియం క్లోరైడును చూస్తే 152కి 167, అంటే 0.91. పౌలింగ్ లెక్కలో హద్దు మీద ఉన్నది ఇప్పుడు హద్దుకు చాలా దూరంగా తప్పింది. పౌలింగ్ వ్యాసార్థాలతో 0.70 వచ్చి నియమానికి ఒదిగిన సోడియం ఫ్లోరైడు కూడా 0.97కి ఎగబాకి తప్పుల జాబితాలో చేరింది. ఒక చివర గుడ్డ లాగితే రెండో చివర కాళ్ళు బయటపడ్డాయి. ఏ పట్టిక తెచ్చినా ఇంతే, ఎందుకంటే లోపం పట్టికలో లేదు.

పైగా షానన్ వ్యాసార్థాలు పొరుగుల సంఖ్యను బట్టి మారతాయి. పొటాషియంకు ఆరుగురు పొరుగులుంటే ఒక విలువ, ఎనిమిది మంది ఉంటే మరో విలువ. ఏ విలువ తీసుకోవాలో తెలియాలంటే పొరుగుల సంఖ్య ముందే తెలియాలి. తెలుసుకోవలసిందే అది కదా! ఇలాంటి వలయం లాండే 1920లో చేసిన పనిలో మాత్రం పనికొచ్చింది. లిథియం అయొడైడులో అయొడైడులు తగులుకుని ఉన్నాయని అనుకుని, ఆ దూరాన్ని రెండుగా భాగించి అయొడైడు వ్యాసార్థాన్ని రాబట్టాడు. ఆ అయొడైడు వ్యాసార్థంతో లిథియంకు మిగిలిన చోటును లెక్కిస్తే నిష్పత్తి 0.414 వచ్చి తీరుతుంది. అలా రావడాన్ని నియమానికి రుజువుగా ఎవరైనా చూపిస్తే నమ్మకండి. అనుకున్నదే తిరిగి వచ్చింది, అంతే.

క్షార లోహాల హాలైడులు మొత్తం ఇరవై. పౌలింగ్ వ్యాసార్థాలతో నిష్పత్తి కట్టి, తిరగేయాల్సిన చోట తిరగేసి చూస్తే నియమం పదకొండింటికి సరిగ్గా చెబుతుంది, తొమ్మిదింటికి తప్పు చెబుతుంది. ఏ లెక్కా వేయకుండా "అన్నీ రాక్ సాల్టే" అని కళ్ళు మూసుకుని చెప్పినవాడికి ఇరవైకి పదిహేడు మార్కులు వస్తాయి.

ఫ్లోరైట్ దగ్గర కథ వేరు. కాల్షియం ఫ్లోరైడుతోనే మొదలుపెడదాం. అంచు 546.3 పికోమీటర్లు. కాల్షియం, ఫ్లోరిన్ మధ్య దూరం √3a/4, అంటే 236.6. పౌలింగ్ వ్యాసార్థాలు 99, 136 కూడితే 235. ఇక ఫ్లోరైడు నుంచి ఫ్లోరైడుకు దూరం అంచులో సగం, 273.2. రెండు ఫ్లోరైడు వ్యాసార్థాలు 272. కాల్షియం ఫ్లోరైడులకు తగులుతోంది, ఫ్లోరైడులు కూడా ఒకదానికొకటి తగులుతున్నాయి. నిష్పత్తి 0.728. గోళీలతో పేర్చినట్టు ఇంత పొందికగా కుదిరే ఉదాహరణ మరొకటి తొందరగా దొరకదు. అయినా పట్టికను తు.చ. తప్పకుండా పాటించేవారు 0.728 అన్నది 0.732 కన్నా తక్కువ కాబట్టి దీన్ని రూటైల్ అనాలి! మూడో దశాంశం మీద ఆధారపడే తీర్పు ఏదైనా తీర్పు కాదని చెప్పడానికే ఈ మాట.

మెగ్నీషియం ఫ్లోరైడు (0.48) రూటైల్, స్ట్రాన్షియం ఫ్లోరైడు (0.83), బేరియం ఫ్లోరైడు (0.99) ఫ్లోరైట్. ఫ్లోరైడులలో నియమం మొత్తం మీద బాగానే నడుస్తుంది. ఎందుకో తెలియాలంటే మళ్ళీ మాడెలుంగ్ స్థిరాంకాల దగ్గరికే వెళ్ళాలి. ఫ్లోరైట్‌కు 2.519, రూటైల్‌కు 2.408. తేడా 4.6 శాతం. ఇక్కడ కూడా పొరుగులు ఆరు నుంచి ఎనిమిదికి పెరిగినందుకు దూరం మూడు శాతం పెరుగుతుంది. కానీ ఈసారి లాభం నష్టం కన్నా ఎక్కువ. ఒకటిన్నర శాతం మిగులుతుంది. అంటే చోటు ఉంటే ఫ్లోరైట్ నిర్మాణమే నిజంగా లాభసాటి, కాబట్టి చోటు ఉందా లేదా అన్న ప్రశ్నకు ఇక్కడ అర్థం ఉంది. రాక్ సాల్ట్ దగ్గర చోటు ఉన్నా మారడం లాభం కాదు కాబట్టి ఆ ప్రశ్నకే అర్థం లేకపోయింది. ఒకే 0.732 ఒక చోట పనిచేసి మరో చోట పనిచేయకపోవడానికి నేను చెప్పగల కారణం ఇదే. మీ జవాబులో ఈ రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టగలిగితే మిగతాదంతా దానంతట అదే తేలిపోతుంది.

మీరు అడిగిన స్ట్రాన్షియం క్లోరైడును కూడా ఈ వెలుగులోనే చూడాలి. పౌలింగ్ ప్రకారం 113కి 181, నిష్పత్తి 0.62. రూటైల్ కావాలి. ఎక్స్-రే కొలతలో మాత్రం ఫ్లోరైట్, అంచు 697.7 పికోమీటర్లు. దానితో స్ట్రాన్షియం, క్లోరిన్ మధ్య దూరం 302 వస్తుంది. వ్యాసార్థాల మొత్తం 294 కన్నా ఎనిమిది ఎక్కువ, అంటే స్ట్రాన్షియం తన ఘనంలో కాస్త వదులుగా ఉంది. క్లోరైడు నుంచి క్లోరైడుకు దూరం 349. రెండు క్లోరైడు వ్యాసార్థాల మొత్తం 362 కన్నా పదమూడు తక్కువ. క్లోరైడులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయని కాదు. 181 అన్న అంకె మరో స్ఫటికంలో, మరో దిశలో, కాటయాన్ వైపు కొలిచి పంచిన వాటా. రెండు క్లోరైడులు ఎదురెదురుగా ఉన్నప్పుడు అదే దూరాన్ని పాటించాలని లేదు. అయాన్ మెత్తగా ఉంటుంది, అన్ని దిశల్లో ఒకేలా ఉండదు. ఒకటిన్నర శాతం లాభం ఉన్నప్పుడు ఆ మెత్తదనాన్ని స్ఫటికం వాడుకుంటుంది.

ఈ కుటుంబంలో నియమం తప్పే చోట్లు ఇంకా ఉన్నాయి గానీ వాటి కారణాలు వేరు. కాడ్మియం అయొడైడుకు నిష్పత్తి 0.45. కాడ్మియం చుట్టూ ఆరు అయొడైడులు ఉంటాయన్నంత వరకు నియమం సరిగానే చెప్పింది. కానీ వచ్చింది రూటైల్ కాదు, పొరలు పొరలుగా ఉండే నిర్మాణం. అయొడైడు ధ్రువణం చెంది, ఒక పక్క మాత్రమే కాటయాన్లను ఉంచుకుని, రెండో పక్కన పక్కపొరలోని అయొడైడులకు బలహీనంగా ఆనుకుంటుంది. పొరుగుల సంఖ్య సరైనంత మాత్రాన నిర్మాణం సరైనట్టు కాదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. జిర్కోనియం డయాక్సైడుకు 0.57 వస్తుంది. గది ఉష్ణోగ్రతలో జిర్కోనియం చుట్టూ ఏడు ఆక్సిజన్లు ఉంటాయి. ఏడుకు పట్టికలో గడే లేదు. దాదాపు 2370 డిగ్రీలు దాటితే అదే పదార్థం ఫ్లోరైట్ నిర్మాణంలోకి వస్తుంది. బేరియం క్లోరైడుకు 0.75 వస్తే ఫ్లోరైట్ అనుకుంటాం, సాధారణంగా దొరికే రూపంలో మాత్రం బేరియం చుట్టూ తొమ్మిది క్లోరైడులుంటాయి.

పరీక్ష సంగతి. ప్రశ్న "నిష్పత్తి ఆధారంగా నిర్మాణాన్ని ఊహించండి" అని ఉంటే నియమం ఏం చెబుతుందో అదే రాయండి, ఆ తర్వాత ఒక వాక్యంలో నిజమైన నిర్మాణం చెప్పండి. పొటాషియం క్లోరైడుకైతే ఇలా రాయవచ్చు: "పౌలింగ్ వ్యాసార్థాలతో నిష్పత్తి 0.735 కాబట్టి నియమం ప్రకారం పొరుగుల సంఖ్య 8 ఉండాలి. సాధారణ పీడనంలో నిజానికి 6, నిర్మాణం రాక్ సాల్ట్. రెండు నిర్మాణాల మాడెలుంగ్ స్థిరాంకాల మధ్య తేడా ఒక శాతం కన్నా తక్కువ, ఎనిమిది పొరుగుల వల్ల దూరం మాత్రం సుమారు మూడు శాతం పెరుగుతుంది." దీనికి మార్కులు తగ్గించే పరీక్షకుడిని నేను ఇంతవరకు చూడలేదు. ఏ పట్టిక వాడారో కూడా తప్పక రాయండి. కాటయాన్ విలువ షానన్ పట్టిక నుంచి, ఆనయాన్ విలువ పౌలింగ్ పట్టిక నుంచి తీసుకుని కట్టిన నిష్పత్తులు నేను దిద్దిన కాగితాల్లో చాలా సార్లు కనిపించాయి. అలా కలిపితే రెండింటి మొత్తం కొలిచిన దూరంతో సరిపోదు కాబట్టి తప్పు వెంటనే పట్టుకోవచ్చు. నిష్పత్తి కట్టే ముందు ఆ కూడిక ఒకసారి చేసి చూసుకోండి. లిథియం అయొడైడులా ఒకే పట్టిక వాడినా మొత్తం సరిపోకపోతే, అక్కడ ఆనయాన్లు తగులుకున్నాయేమోనని కర్ణం మీద దూరాన్ని చూడండి.